బ్యాంకింగ్ ఉన్న మలుపు: మినిమమ్ స్పీడ్ సరిపోతోంది, మాక్సిమమ్ మాత్రం తేడా కొడుతోంది

రాత్రిపూట_చదువు
లెక్క ఇదీ. మలుపు వ్యాసార్థం 50 మీటర్లు, రోడ్డు వాలు 20 డిగ్రీలు, టైరుకీ రోడ్డుకీ మధ్య ఘర్షణ గుణకం 0.25, g = 9.8. కారు జారకుండా పోగలిగే గరిష్ఠ వేగం, కనిష్ఠ వేగం కనుక్కోమన్నాడు. పుస్తకం వెనక జవాబులు 18.2 మీ/సె, 7.2 మీ/సె అని ఉన్నాయి.

నేను చేసింది: వాలుకి లంబంగా N = mg cosθ. ఘర్షణ μN. గరిష్ఠ వేగంలో కారు బయటికి జారబోతుంది కాబట్టి ఘర్షణ వాలు కిందికి. ఆ రెండింటి అడ్డం భాగాలు కలిపి

N sinθ + μN cosθ = mv²/r

అని రాస్తే 16.3 వచ్చింది. కనిష్ఠానికి ఘర్షణ గుర్తు మారిస్తే 7.0 వచ్చింది. 7.0కీ 7.2కీ తేడా దశాంశాలు కుదించడంలో వచ్చిందే అనుకుంటున్నా, కానీ 16.3 ఎక్కడ 18.2 ఎక్కడ. మా బ్యాచ్‌లో ఇంకొందరికి కూడా 16.3యే వచ్చింది. పుస్తకంలో అచ్చుతప్పా?

బండి_బాబ్జీ
16 అంటే గంటకి 58, 18 అంటే గంటకి 65 అండి. చిన్న కారైతే ఏమీ కాదు గానీ లోడు మీదున్న లారీ 65లో ఆ మలుపు తిప్పితే పక్కకి పడుకుంటది, జారేదాకా కూడా ఆగదు. లారీకి వేరే లెక్క ఉండాలి కదా, అది రాయలేదేంటి వాళ్ళు.

సైన్_థీటా
అసలు ఘర్షణ పక్కకి ఎందుకు వేశావ్ బ్రో? ఘర్షణ ఎప్పుడూ కదలికకి వ్యతిరేకం. కారు ముందుకి పోతోంది, ఘర్షణ వెనక్కి. పక్కకి లాగేది N ఒక్కటే. అలా చేస్తే 13.35 వస్తుంది, నాకైతే అదే కరెక్ట్ అనిపిస్తోంది.

వాలుబల్ల
అచ్చుతప్పు లేదు. N = mg cosθ అన్న లైను తీసెయ్, మిగతాదంతా ఓకే.

రాత్రిపూట_చదువు
@వాలుబల్ల తీసేసి ఏం పెట్టాలన్నా? కారు రోడ్డులోకి దిగబడట్లేదు, రోడ్డు మీంచి ఎగరట్లేదు. లంబ దిశలో కదలికే లేనప్పుడు ఆ దిశలో బలాలు సమానం కావాలి కదా. వాలు బల్ల మీద చెక్క దిమ్మ లెక్కలన్నిటిలో ఇలాగే చేశాం, అక్కడ ఎప్పుడూ తప్పు రాలేదు.

పాత_మాస్టారు
చెక్క దిమ్మే కొంప ముంచింది. ఈ లెక్క చెప్పిన ప్రతి ఏడూ క్లాసులో సగం మంది సరిగ్గా అక్కడే పడతారు, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

దిమ్మ వాలు వెంట జారుతుంది. అంటే దాని త్వరణం వాలు వెంటే ఉంటుంది. వాలుకి లంబంగా త్వరణం సున్నా, అందుకని ఆ దిశలో బలాలు సరిపోతాయి, N = mg cosθ వస్తుంది. ఇక్కడ కారు వాలు మీద పైకీ పోవట్లేదు, కిందికీ పోవట్లేదు, ఒకే ఎత్తులో వలయంలో తిరుగుతోంది. దాని త్వరణం v²/r, అది కేంద్రం వైపు, అంటే నేలకి సమాంతరంగా. వాలు వెంట కాదు. సమాంతరంగా ఉన్న ఆ త్వరణాన్ని వాలు వెంట ఒక ముక్క, వాలుకి లంబంగా ఒక ముక్క చేస్తే లంబంగా వచ్చేది v² sinθ / r. అది సున్నా కాదు. "లంబ దిశలో కదలిక లేదు" అన్నావు చూడు, ఈ క్షణానికి కదలిక లేదు నిజమే, త్వరణం మాత్రం ఉంది. కాబట్టి

N = mg cosθ + (m v²/r) sinθ

కారు ఎంత జోరుగా పోతే రోడ్డు దాన్ని అంత గట్టిగా నెడుతుంది. N పెరిగితే ఘర్షణకి ఉన్న హద్దు μN కూడా పెరుగుతుంది. నువ్వు ఆ పెరిగిన భాగాన్ని వదిలేశావు గనక గరిష్ఠ వేగం తక్కువొచ్చింది.

నీ జవాబు తప్పని పుస్తకం చూడకుండానే పట్టుకునే దారి ఒకటుంది. కారు బరువు వెయ్యి కిలోలు అనుకో, mg 9800 న్యూటన్లు. నీ N 9209. దాని నిలువు భాగంలోంచి, కిందికి లాగే ఘర్షణ నిలువు భాగం తీసేస్తే పైకి మిగిలేది 7866. కిందికి బరువు 9800. దాదాపు 1930 న్యూటన్లు తక్కువ. అంటే నీ లెక్క ప్రకారం ఆ కారు రోడ్డులోకి కూరుకుపోతూ ఉండాలి. అడ్డం సమీకరణం ఒక్కటే రాసి వదిలేశావు, నిలువు సమీకరణం రాసి ఉంటే అదే అరిచి చెప్పేది.

ఇక కనిష్ఠం దగ్గర ఎందుకు దాదాపు సరిపోయిందంటే అక్కడ v చిన్నది. 7 మీ/సె వేగంలో v²/r ఒకటికి కాస్త అటూఇటూ, దాన్ని sin 20తో గుణిస్తే 0.34 దగ్గర ఆగుతుంది, పక్కన g cosθ 9.2 ఉంది. నూటికి నాలుగు పాళ్ళ తేడా. వర్గమూలం తీస్తే అది రెండు పాళ్ళకి దిగి నువ్వు కుదింపు తేడా అనుకునేంత చిన్నదైపోయింది. తప్పు రెండు చోట్లా అదే, ఒకచోట కనబడింది, ఒకచోట దాక్కుంది.

నైట్‌షిఫ్ట్
"కారు రోడ్డులోకి కూరుకుపోతూ ఉండాలి". వానాకాలంలో కొన్ని రోడ్ల మీద నీ లెక్కే కరెక్ట్ తమ్ముడూ 😂

సైన్_థీటా
మాస్టారూ, నేను అడిగింది పక్కన పెట్టేశారు. ఘర్షణ వెనక్కి ఉండాలా పక్కకి ఉండాలా?

పాత_మాస్టారు
@సైన్_థీటా ఘర్షణ అడ్డుకునేది కదలికని కాదు, ఒకదాని మీద ఒకటి జారడాన్ని. దొర్లుతున్న చక్రంలో రోడ్డుని తాకే ముక్క ఆ క్షణానికి రోడ్డు మీద నిలిచే ఉంటుంది, ముందుకి జారట్లేదు. అది జారబోయేది పక్కకి, గరిష్ఠ వేగంలో బయటికి, కనిష్ఠ వేగంలో లోపలికి. కాబట్టి ఘర్షణ ఆ పక్కలకే ఎదురు నిలబడుతుంది. నీకొచ్చిన 13.35 కూడా తప్పు అంకె కాదు, అది వేరే ప్రశ్నకి జవాబు.

సైన్_థీటా
ఏ ప్రశ్నకి?

రోడ్డు_సుజాత
నేను చెప్తా, ఇది మా రోజువారీ పని, రోడ్లు డిజైన్ చేస్తాం.

13.35 మీ/సె అంటే గంటకి 48. ఆ వేగంలో పోతే ఘర్షణ అక్కర్లేదు, N అడ్డం భాగం ఒక్కటే కారుని తిప్పడానికి సరిగ్గా సరిపోతుంది. స్టీరింగ్ పట్టుకున్నవాడికి పక్కకి లాగినట్టే ఉండదు. ఈ లెక్క మొదలుపెట్టేటప్పుడు నేనైతే ముందు ఆ అంకె తీస్తా, v² = rg tanθ. అది మధ్య గీత. అంతకంటే వేగం పెరిగితే కారు బయటికి, అంటే వాలు పైకి పోవాలని చూస్తుంది, ఘర్షణ వాలు కిందికి లాగుతుంది. అంతకంటే తగ్గితే కారు లోపలికి దిగాలని చూస్తుంది, ఘర్షణ వాలు పైకి పట్టుకుంటుంది. ఘర్షణ ఎటు గీయాలో ఎప్పుడూ తికమక ఉండదు, వేగం ఆ గీతకి ఏ పక్కనుందో చూసుకుంటే చాలు.

ఇంకోటి, మధ్యలో ఉన్న వేగాలకి ఘర్షణ μN కాదు. ఇది చాలామంది వదిలేస్తారు. మన కారు 15 మీ/సెలో పోతోందనుకోండి. వాలు వెంట లెక్కేస్తే

f = m (v²/r) cosθ − mg sinθ = 4229 − 3352 = 877 న్యూటన్లు

N ఏమో 10748. అంటే 0.25 వరకు ఇవ్వగల రోడ్డుని మనం 0.08 మాత్రమే అడుగుతున్నాం. ఘర్షణ అడిగినంతే ఇస్తుంది, హద్దు దగ్గర మాత్రమే f = μN. "గరిష్ఠ", "కనిష్ఠ" అన్న మాట ప్రశ్నలో ఉంటేనే ఆ సమానం రాయాలి. 15 మీ/సెలో ఘర్షణ బలం ఎంత అని అడిగితే μN అని రాసి 2687 అనేవాళ్ళు బోలెడు మంది.

రాత్రిపూట_చదువు
సరే మళ్ళీ మొదట్నించి చేశా, ఈసారి నిలువు అడ్డం రెండూ రాశా.

గరిష్ఠం:
N cosθ − μN sinθ = mg
N sinθ + μN cosθ = mv²/r

కింది దాన్ని పైదానితో భాగిస్తే N పోయింది, m కూడా పోయింది.

v² = rg (tanθ + μ) / (1 − μ tanθ) = 490 × 0.614 / 0.909 = 331, v = 18.2

కనిష్ఠానికి μ గుర్తులు మార్చా.

v² = rg (tanθ − μ) / (1 + μ tanθ) = 490 × 0.114 / 1.091 = 51.2, v = 7.16

రెండూ వచ్చేశాయి. వెయ్యి కిలోల కారుకి N గరిష్ఠం దగ్గర 11473, కనిష్ఠం దగ్గర 9559. రెండూ 9209 కంటే ఎక్కువే. కానీ ఒక డౌటు. నేను నిలువు అడ్డం కాకుండా వాలు వెంట, వాలుకి లంబంగా విడదీసి చేస్తే తప్పా?

వాలుబల్ల
తప్పేం కాదు, ఎలా అయినా చేసుకో. కాకపోతే వాలు వెంట విడదీస్తే త్వరణాన్ని కూడా విడదీయాలి. నిలువు అడ్డం తీసుకుంటే త్వరణం మొత్తం ఒక సమీకరణంలోనే పడుతుంది, నిలువుది శుభ్రంగా సున్నా. పని తగ్గుతుంది అంతే.

కోణం_ప్రియుడు
ఇంత రాయడం ఎందుకు? ఘర్షణ కోణం తీసుకోండి, లైనున్నరలో అయిపోద్ది. టాన్ విలువ 0.25 ఉండే కోణం 14.04 డిగ్రీలు. N, ఘర్షణ రెండూ కలిపి ఒకే బలంగా చూస్తే అది లంబానికి మహా అయితే 14.04 డిగ్రీలు అటు గానీ ఇటు గానీ ఒరగగలదు. లంబం ఎలాగూ నిలువుకి 20 డిగ్రీలు ఒరిగి ఉంది. మొత్తం ఒరుగు ఎక్కువలో ఎక్కువ 34.04, తక్కువలో తక్కువ 5.96.

v² = rg tan(34.04°) → 18.2
v² = rg tan(5.96°) → 7.15

భాగహారాలు లేవు, గుర్తుల గొడవ లేదు.

పాత_మాస్టారు
@కోణం_ప్రియుడు చాలా అందమైన దారి. పరీక్షలో మార్కులు స్టెప్పులకి వేస్తే మాత్రం బొమ్మా, రెండు సమీకరణాలూ రాసి, జవాబు సరిచూసుకోవడానికి ఇది వాడుకోమంటాను. ఇందులో ఒక లాభం ఉంది, హద్దులు కంటికి కనిపిస్తాయి. వాలు కోణం ఘర్షణ కోణం కంటే తక్కువైతే ఆ తేడా రుణం అయిపోతుంది, అంటే కనిష్ఠ వేగం అనేదే లేదు, కారు ఆ మలుపులో ఆగినా జారదు. రెండు కోణాలూ కలిపి 90 దాటితే గరిష్ఠ వేగం లేదు, ఎంత జోరుగా పోయినా బయటికి జారదు.

సైన్_థీటా
నేను అడగబోయేది అదే. పొడి తారు రోడ్డు మీద మంచి టైరుకి μ 0.7 పైనే ఉంటుంది. 20 డిగ్రీల టాన్ 0.36. అంటే నిజం రోడ్డు మీద కనిష్ఠ వేగం ఎప్పుడూ సున్నాయే. ఈ లెక్కలో 0.25 అని పెట్టి లేని కనిష్ఠ వేగాన్ని పుట్టించాడు. డేటోనా రేస్ ట్రాక్ మలుపుల్లోనే 31 డిగ్రీలు, దాని టాన్ 0.6, అక్కడ కూడా పొడిగా ఉంటే కారు ఆపి దిగొచ్చు. కనిష్ఠ వేగం పరీక్ష పేపర్లో తప్ప ఎక్కడా లేదు.

నైట్‌షిఫ్ట్
క్యాలిక్యులేటర్లో 0.7 పెట్టి నొక్కా, వర్గమూలం కింద మైనస్ వచ్చి ఎర్రర్ చూపించింది. ఇప్పుడర్థమైంది అది ఎందుకు తిడుతోందో.

రోడ్డు_సుజాత
@సైన్_థీటా పొడి రోడ్డుకి మీరన్నది కరెక్టే, వర్గమూలం కింద మైనస్ వస్తే "కనిష్ఠ వేగం లేదు, సున్నా" అని చదువుకోవాలి, లెక్క తప్పని కాదు. మామూలు రోడ్లకి 20 డిగ్రీల వాలు ఇవ్వరన్నది కూడా నిజమే, నూటికి 10, 12 దాటడం అరుదు, అంటే ఆరేడు డిగ్రీలు. కానీ కనిష్ఠ వేగం పరీక్ష పేపర్లోదే అనొద్దు. మేం వాలు పెంచకుండా ఆపేది అదే.

రోడ్డు మీద గడ్డకట్టిన మంచు ఉంటే μ 0.1 దగ్గరికి పడిపోతుంది, ఆ మంచు కరుగుతూ పైన నీటి పొర ఉంటే ఇంకా కిందికి. నూటికి 10 వాలు అంటే టాన్ 0.1. ఆ మలుపులో ట్రాఫిక్ ఆగిందనుకోండి, ఆగిన కారు అలాగే మెల్లిగా లోపలి అంచుకి జారుతుంది. డ్రైవర్ ఏ తప్పూ చెయ్యలేదు, బ్రేక్ మీద కాలు పెట్టి కూచున్నాడు, అయినా జారింది. అందుకే మంచు పడే ప్రాంతాల్లో వాలుని మామూలుగా నూటికి 8 దగ్గర ఆపేస్తారు. ఎక్కువ వాలు ఇస్తే జోరుగా పోయేవాడికి మేలు, ఆగిపోయినవాడికి కీడు. ఒకే మలుపులో ఇద్దరూ వస్తారు.

ఇంకా, రోడ్డు ఇవ్వగలిగే 0.7 మొత్తాన్నీ మేం లెక్కలో వాడం. పెద్ద రోడ్ల మలుపు డిజైన్‌లో పక్క ఘర్షణ 0.15 చుట్టుపక్కలే తీసుకుంటాం, వేగం ఎక్కువయ్యే కొద్దీ ఇంకా తగ్గిస్తాం. అంతకు మించితే జారకపోయినా లోపల కూచున్నవాళ్ళకి పక్కకి తోసేసినట్టు ఉంటుంది, డ్రైవర్ బెదిరి బ్రేక్ తొక్కుతాడు. ఆ బ్రేక్ మళ్ళీ వేరే తలనొప్పి.

ట్రాక్_సైకిల్
కనిష్ఠ వేగం లేదన్నోళ్ళు ఒక్కసారి వెలోడ్రోమ్ ల సైకిల్ తొక్కి చూడుండ్రి. 250 మీటర్ల ట్రాక్ మలుపుల 42 డిగ్రీల పైన్నే ఉంటది, గోడ లెక్క కొడ్తది ముంగట్కెళ్లి చూస్తే. నేను మొదట్ల భయపడి మలుపుల స్లో చేసిన. భయమైతే స్లో చేస్తం కదా ఎవలమైనా. గంతే, ఎనక చక్రం కింద కెల్లి ఎవరో గుంజినట్టు జారి కిందికొచ్చి పడ్డ, మోచెయ్యి తోలు మొత్తం లేసిపోయింది. కోచ్ ఏమన్నడంటే నువ్వు స్పీడ్ పోయినందుకు పడలే, పోనందుకు పడ్డవ్ అన్నడు.

గిప్పుడు ఈ ఫార్ములా పెట్టి చూసిన. 42 డిగ్రీల టాన్ 0.9. మలుపు వ్యాసార్థం 23 మీటర్లు, చెక్క మీద టైరుకు μ 0.6 అనుకుంటే కనిష్ఠం 6.6 మీ/సె వస్తాంది, గంటకు 24. ఘర్షణ అక్కర్లేని స్పీడు 14.2, గంటకు 51. నేను పడ్డప్పుడు ఎంతల ఉన్ననో తెల్వదు గని 24 కింద్నే ఉంటి అని మాత్రం అనిపిస్తాంది.

సైన్_థీటా
సైకిల్ ఒరుగుతుంది కదా, కారు ఫార్ములా దానికి ఎలా పనిచేస్తుంది?

కోణం_ప్రియుడు
జారడం వరకూ అదే పనిచేస్తుంది. టైరు తాకే చోట రోడ్డు ఇచ్చే బలం నిలువుకి ఎంత ఒరగాలన్నది v²/rg చెప్తుంది, లంబానికి ఎంత దూరం ఒరగగలదన్నది μ చెప్తుంది. పైన ఉన్నది కారా సైకిలా మనిషా అన్న ప్రశ్న అందులో రాదు. పడిపోకుండా ఉండటానికి సైకిల్ ఆ బలం గీత మీదికి తనే ఒరుగుతుంది, కారు నాలుగు కాళ్ళ మీద ఉంది కాబట్టి ఒరగక్కర్లేదు.

బండి_బాబ్జీ
అదే నేను మొదట్నుంచీ అడుగుతున్నానండి, నాలుగు కాళ్ళ మీదుంటే పడదా? లారీ పడుద్ది. నేను కళ్ళారా చూశాను, మలుపులో లోపలి చక్రాలు నేల మీంచి లేచి, గాల్లో ఒక్క క్షణం ఆగి, అప్పుడు పక్కకి ఒరిగింది. టైరు జారిన గుర్తు రోడ్డు మీద లేదు. మీ లెక్కలో ఆ మాటే రాలేదు.

పాత_మాస్టారు
@బండి_బాబ్జీ మీరు చూసింది నిజమే బాబ్జీ గారూ, అది వేరే హద్దు. పోస్టు పెట్టిన అబ్బాయి అడిగింది జారడం గురించి. దొర్లిపోవడానికి చూడాల్సింది μ కాదు, రెండు పక్కల చక్రాల మధ్య దూరంలో సగాన్ని బరువు కేంద్రం ఎత్తుతో భాగిస్తే వచ్చే అంకె. మామూలు కారుకి అది ఒకటికి పైనే ఉంటుంది. ఎత్తుగా లోడెత్తిన లారీకి 0.4 దాకా దిగిపోవచ్చు. ఆ అంకె, μ, రెండిట్లో ఏది చిన్నదైతే అది ముందు జరుగుతుంది. పొడి రోడ్డు మీద μ 0.7, లారీ అంకె 0.4, కాబట్టి జారకముందే పడుతుంది, మీకు టైరు గుర్తు కనబడలేదు. ఈ లెక్కలో μ 0.25, కాబట్టి లారీ అయినా ముందు జారుతుంది. ఫార్ములా కూడా కొత్తది అక్కర్లేదు, μ ఉన్నచోట 0.4 పెట్టండి, దొర్లే వేగం వస్తుంది. 50 మీటర్లు, 20 డిగ్రీలకి చేస్తే 20.9 మీ/సె దగ్గర, గంటకి 75.

బండి_బాబ్జీ
75 అన్నది లోడు కదలకుండా ఉంటేనండి. ట్యాంకరులో సగం నీళ్ళుంటే మలుపులో ఆ నీళ్ళన్నీ ఒక పక్కకి వస్తాయి, అప్పుడు మీ 0.4 ఎక్కడుంటది?

పాత_మాస్టారు
ఉండదు. బరువు కేంద్రం బయటి పక్కకి జరిగితే ఆ సగం దూరం తగ్గిపోతుంది. ఎంత తగ్గుతుందన్నది ట్యాంకు ఆకారాన్ని బట్టి, నీళ్ళు ఊగే తీరుని బట్టి. అది కాగితం మీద రెండు లైన్లలో తేలదు.

రాత్రిపూట_చదువు
మాస్టారూ, 18.2 వచ్చింది సరే, ఆ వేగంలో పోతూ బ్రేక్ వేస్తే? వేగం తగ్గుతుంది కదా, అంటే ఇంకా సేఫ్ అవ్వాలి?

వాలుబల్ల
వెయ్యకు 😅

రోడ్డు_సుజాత
నేను పైన తలనొప్పి అన్నది ఇదే. టైరుకి ఉన్న పట్టు ఒకటే, దాన్ని పక్కకి వాడుకోవచ్చు, ముందూ వెనకకి వాడుకోవచ్చు, రెండూ కలిపి μN దాటకూడదు. గరిష్ఠ వేగంలో ఉన్నప్పుడు మొత్తం పట్టు పక్కకే ఖర్చయిపోయింది. అప్పుడు బ్రేక్ తొక్కితే బ్రేక్‌కి ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు, పక్క పట్టులోంచే తీసుకోవాలి, కారు బయటికి పోతుంది. వేగం తగ్గడానికి కాసేపు పడుతుంది, పట్టు పోవడానికి పట్టదు.

మన అంకెలతోనే చూడండి. 0.25లో బ్రేక్ 0.15 తీసుకుంటే పక్కకి మిగిలేది 0.10 కాదు, లంబకోణ త్రిభుజంలా లెక్కేయాలి, 0.20 మిగులుతుంది. μ బదులు 0.20 పెడితే గరిష్ఠ వేగం 17.3 మీ/సెకి దిగుతుంది, గంటకి 62. అంటే మలుపులో కాస్త బ్రేక్ వేసే ఉద్దేశం ఉంటే గంటకి 65 కాదు, 62 లోపలే మలుపులోకి దిగాలి.

సైన్_థీటా
మరి స్పీడు మారకుండా ఉంచడానికి కూడా యాక్సిలరేటర్ మీద కాలు ఉంటుంది కదా, గాలి వెనక్కి నెడుతుంది కాబట్టి. ఆ పట్టు ఎక్కణ్ణించి వస్తుంది? అంటే 18.2 కూడా నిజానికి దొరకదు.

రోడ్డు_సుజాత
ఈసారి మీ పాయింటు కరెక్ట్. 65 వేగంలో గాలి నెట్టేది చిన్న బలమే, త్రిభుజం వర్గాల్లో అది ఇంకా చిన్నదైపోతుంది, అందుకే పుస్తకం వదిలేసింది. కానీ సూత్రప్రాయంగా 18.2 అందుకోలేని హద్దే.

కోణం_ప్రియుడు
దానికంటే పెద్ద చిల్లు ఇంకోటుంది. μ అనేది N ఎంతున్నా మారదని అందరం ఒప్పేసుకున్నాం. రబ్బరు టైరుకి అది పూర్తిగా నిజం కాదు, బరువు పెరిగే కొద్దీ μ కాస్త తగ్గుతుంది. ఇక్కడ గరిష్ఠ వేగంలో N బరువుకి 1.17 రెట్లు అయింది. పైగా మలుపులో బయటి చక్రాల మీద ఎక్కువ, లోపలి వాటి మీద తక్కువ. మొత్తం N ఒక్కటే తీసుకుని ఒకే μతో గుణించడం సరైనదేనా అని నాకు డౌటు. నా ఉద్దేశంలో నిజం గరిష్ఠం 18.2 కంటే కిందే ఉంటుంది.

పాత_మాస్టారు
కిందే ఉంటుందన్నది ఒప్పుకుంటా, ఎంత కిందన్నది ఆ టైరు కొలతలు లేకుండా చెప్పలేం. కానీ 0.25 అన్న అంకెనే ఆ బరువు దగ్గర కొలిచారనుకుంటే 18.2 సరిపోతుంది కదా?

కోణం_ప్రియుడు
నాలుగు చక్రాల మీదా ఒకే బరువు ఉంటేనే సరిపోతుంది మాస్టారూ. బయటి చక్రానికి ఒక μ, లోపలి చక్రానికి ఒక μ ఉన్నప్పుడు ఏ బరువు దగ్గర కొలిచిన అంకె వాడాలి?

పాత_మాస్టారు
సగటు బరువు దగ్గర కొలిచింది వాడితే తేడా చిన్నదే అంటాను. మీరు ఒప్పుకోరని తెలుసు.

కోణం_ప్రియుడు
ఒప్పుకోను 🙂 బయటి చక్రం కోల్పోయేది లోపలి చక్రం పొందేదానికంటే ఎక్కువ. రెండు చక్రాల మోడల్ వేసి అంకెలతో వస్తా.

రాత్రిపూట_చదువు
మీరు తేల్చుకునే లోపు ఇంకోటి అడగనా, పరీక్షలో g 10 అని ఇస్తే 18.4 వస్తోంది, ఆప్షన్లలో 18.2 మాత్రమే ఉంటే అదే పెట్టెయ్యొచ్చా?

వాలుబల్ల
ప్రశ్నలో g ఎంత ఇస్తే అంత వాడు. ఇవ్వకపోతే ఆప్షన్లు చూసి దగ్గరిది పెట్టు. 16.3 కూడా ఆప్షన్లలో ఉంటుంది చూస్కో, N = mg cosθ రాసినవాళ్ళ కోసం వాళ్ళు కావాలనే పెడతారు.